అద్దె ఇల్లా? అప్పు ఇల్లా?

'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. నేడు ఆ కష్టం కట్టడంలో కన్న అప్పు తీర్చడంలోనే ఎక్కువ. అయినా అద్దె వృథా వ్యయమనీ, వాయిదా మాత్రం ఆస్తిగా మారుతుందనీ పలువురి విశ్వాసం. ఇందులో సగమే నిజం.

హైదరాబాదులో నెలకు 15,000 రూపాయల అద్దె పలికే ఫ్లాటు వెల 60 లక్షలనుకొందాం. చేతి సొమ్ము 12 లక్షలు చెల్లించి, తక్కిన 48 లక్షలను 8.5 శాతం వడ్డీకి 20 ఏండ్ల గడువుతో అప్పు తెస్తే నెలవాయిదా సుమారు 41,650 రూపాయలు. మొదటి వాయిదాలో 34,000 వడ్డీకే పోతుంది. అసలులో తీరేది 7,650 మాత్రమే. అద్దె ఇంటికి చెల్లించే కిరాయి అయితే, వడ్డీ ధనానికి చెల్లించే కిరాయి. 20 ఏండ్లలో బ్యాంకుకు చేరేది దాదాపు కోటి రూపాయలు. అద్దె ఏటా 5 శాతం పెరిగినా మొత్తం 60 లక్షలకు మించదు.

అయితే కొన్నవానికి చివరకు ఇల్లు మిగులుతుంది. అద్దెకున్నవాడు ఆ 12 లక్షలను, నెలనెలా మిగిలే సొమ్మును క్రమం తప్పక మదుపు చేస్తేనే అతనికీ ఆస్తి సమకూరుతుంది. ఖర్చు చేసుకొంటే మిగిలేవి వట్టి చేతులే. కాబట్టి పొదుపు నియమం గలవారికి అద్దె మేలు. లేనివారికి వాయిదాయే బలవంతపు పొదుపు.