ముగ్గురు రచయితలను ఒకే పేరాలో కూర్చోబెట్టాలి

ప్రాజెక్టులు రాసే టైం కదా, ఒక మాట చెప్పాలనిపించింది. మన హాస్టళ్లలో చేతులు మారే పాత ప్రాజెక్టుల్లో లిటరేచర్ రివ్యూ ఒకటే తీరుగా ఉంటది. ఒక పుస్తకం, దానికి రెండు వాక్యాలు, మళ్లీ ఇంకో పుస్తకం. మన చరిత్ర మీద రాసేటప్పుడు ఈ పద్ధతి మనకే నష్టం అంటాను నేను.

1940 జోడేఘాట్ తిరుగుబాటు మీద రాస్తున్నామనుకోండి. మూడు సోర్సులు తీసుకుందాం: హైమండార్ఫ్ 'ట్రైబల్ హైదరాబాద్' (1945), గూడెం-రంప పితూరీల మీద డేవిడ్ ఆర్నాల్డ్ వ్యాసం (1982), భంగ్యా భూక్యా 'ది రూట్స్ ఆఫ్ ది పెరిఫెరీ' (2017). మామూలుగా ఇట్లా రాస్తాం: "హైమండార్ఫ్ భూములు పోవడం, అడవి ఆంక్షలు కారణమన్నాడు. ఆర్నాల్డ్ బయటివాళ్ల చొరబాటు అన్నాడు. భూక్యా గోండుల స్వయంపాలన గురించి చెప్పాడు." ఈ మూడు వాక్యాలను ఎటు మార్చి పెట్టినా ఏం తేడా రాదు. అట్లా తేడా రాలేదంటే అది జాబితానే, రివ్యూ కాదు.

ఒక తెల్లకాగితం మీద గళ్లు గీయండి. పైన ముగ్గురి పేర్లు, పక్కన ప్రశ్నలు: ఏం పోయింది? జనం ఏం కోరారు? రచయిత ఎక్కడ నిలబడి రాశాడు? ప్రతి గడిలో పేజీ నంబరుతో సహా నింపండి. మొదటి ప్రశ్నకు ముగ్గురూ దగ్గర దగ్గరగానే ఉంటారు. రెండో ప్రశ్న దగ్గర విడిపోతారు. మొదట హైమండార్ఫ్ పక్కన కనిపించిన ఆర్నాల్డ్ ఇక్కడ భూక్యా వైపు జరుగుతాడు. జాబితా రాస్తే ఈ సంగతి కంటికే ఆనదు.

ఇప్పుడు అడ్డంగా, వరస ప్రకారం చదివి రాయండి. వాక్యం మనిషి పేరుతో కాకుండా విషయంతో మొదలవ్వాలి:

"అడవి ఆంక్షలు, బయటివాళ్ల చేతికి భూములు పోవడం కొండజనాన్ని తిరుగుబాటుకు నెట్టాయన్న దాంట్లో పెద్దగా భేదం లేదు (హైమండార్ఫ్ 1945, భూక్యా 2017, గూడెం-రంప విషయంలో ఆర్నాల్డ్ 1982). భేదం జనం కోరిక దగ్గర ఉంది. నిజాం ప్రభుత్వం కోసం అధ్యయనం చేసిన హైమండార్ఫ్ దాన్ని ప్రభుత్వం తీర్చగల కష్టంగా చూస్తే, భూక్యా తమ ప్రాంతం మీద తమ అధికారం కోసం జరిగిన పోరుగా చూస్తాడు. ఆర్నాల్డ్ పితూరీలను చదివిన తీరు దీనికి దగ్గర."

"గూడెం-రంప విషయంలో" అన్న ముక్క తీసేయకండి. అది తీసేస్తే ఆర్నాల్డ్ ఆదిలాబాద్ గురించి చెప్పినట్టయిపోద్ది, అది అబద్ధం. కలిపి రాయడంలో ఎక్కువగా జరిగే తప్పు ఇదే: బ్రాకెట్లో మూడు పేర్లు బాగుంటాయని, ఒప్పుకోని మనిషిని కూడా ఒప్పుకున్నట్టు చూపించడం. ఏదైనా గడిలో ఒక్కరే మాట్లాడి మిగతా ఇద్దరివి ఖాళీగా ఉంటే, ఆ మాటను ఆ ఒక్కరి పేరుతోనే రాయండి.

మీ టాపిక్ వేరే అయితే కామెంట్లో పెట్టండి, ప్రశ్నలు కలిసి తయారుచేద్దాం.