IELTS, TOEFL Score: చేతిలో స్కోర్ కార్డు ఉన్నా ‘చెల్లదు’ అంటున్నారెందుకు? రెండేళ్ల లెక్క ఎక్కడ తప్పుతోంది?

విదేశాల్లో చదువు కోసం అప్లై చేసే మన విద్యార్థుల్లో చాలామంది ఇంగ్లిష్ టెస్టులో మంచి స్కోరు వస్తే చాలు, సగం పని అయిపోయినట్టే అనుకుంటారు. కానీ అసలు చిక్కు స్కోరు వచ్చాకే మొదలవుతోంది. ఒకటి, ఆ స్కోరు ఎన్నాళ్లు బతికి ఉంటుందన్నది. రెండు, మీరు అప్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌ను యూనివర్సిటీ నమ్ముతుందా అన్నది. ఈ రెండు చోట్లా చేసే చిన్న పొరపాటుకు ఏకంగా అడ్మిషనే ఆగిపోవచ్చు.

రెండేళ్లు.. కానీ ఏ రోజు నుంచి ఏ రోజు వరకు?

ఐఈఎల్‌టీఎస్, టోఫెల్, పీటీఈ, డ్యుయోలింగో.. ఏది రాసినా సాధారణంగా స్కోరు గడువు రెండేళ్లే. వాడకపోతే భాష తుప్పు పడుతుంది, కాబట్టి పాత స్కోరు ఇప్పటి స్థాయిని చెప్పదన్నది దీని వెనకున్న కారణం. ఈ రెండేళ్లను రిజల్ట్ వచ్చిన రోజు నుంచి కాదు, పరీక్ష రాసిన రోజు నుంచి లెక్కేస్తారు. ఇంతవరకు దాదాపు అందరికీ తెలిసిందే.

తెలియనిది రెండో కొస. గడువు ఏ రోజు వరకు ఉండాలి? అప్లికేషన్ పెట్టిన రోజుకా, క్లాసులు మొదలయ్యే రోజుకా, వీసాకు దరఖాస్తు చేసే రోజుకా? దీనికి ఒకే సమాధానం లేదు. యూనివర్సిటీని బట్టి, దేశాన్ని బట్టి మారిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. గుంటూరు కుర్రాడు ఒకడు 2024 జులై 20న ఐఈఎల్‌టీఎస్ రాశాడనుకోండి. గడువు 2026 జులై 20 ప్రాంతంలో ముగుస్తుంది. ఉద్యోగం వచ్చిందని ఒక ఏడాది ఆగి, 2025 డిసెంబర్‌లో రెండు యూనివర్సిటీలకు అప్లై చేశాడు. అప్పటికి స్కోరు వయసు 17 నెలలే. రెండు చోట్ల నుంచీ ఆఫర్ లెటర్ వచ్చింది. క్లాసులు మాత్రం 2026 సెప్టెంబర్‌లో మొదలవుతాయి. మొదటి యూనివర్సిటీ అప్లికేషన్ రోజును లెక్కలోకి తీసుకుంటుంది, అక్కడ ఇబ్బంది లేదు. రెండోది కోర్సు ప్రారంభమయ్యే రోజుకు స్కోరు చెల్లుబాటులో ఉండాలంటుంది. అక్కడ అదే కుర్రాడు, అదే స్కోరు.. కానీ చెల్లదు! కోర్సు మొదలయ్యే నాటికి గడువు తీరి రెండు నెలలు అయిపోయింది మరి.

వీసా లెక్క వేరు. ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసాకైతే దరఖాస్తు పెట్టే రోజుకు ముందు రెండేళ్లలోపు రాసిన టెస్ట్ అయ్యుండాలి. అంటే ఈ కుర్రాడు జూన్‌లో వీసా ఫైల్ చేస్తే ఓకే, ఆగస్టుకు జరిపితే మళ్లీ టెస్ట్ రాయాల్సిందే. అదే ఆస్ట్రేలియాలో స్కిల్డ్ వీసాలకు మూడేళ్ల వరకు ఒప్పుకుంటారు.

ఇలా ఎక్కువగా దెబ్బతినేది ఇన్‌టేక్ వాయిదా వేసుకున్నవాళ్లు. డబ్బు సర్దుబాటు కాకో, వీసా స్లాట్ దొరక్కో ఫాల్ నుంచి స్ప్రింగ్‌కు మార్చుకుంటారు. ఆఫర్ అలాగే ఉంటుంది, స్కోరు గడువు మాత్రం మధ్యలో దాటిపోతుంది.

పీడీఎఫ్ స్కోరు కాదు!

ఇక రెండో చిక్కు. విద్యార్థి అప్‌లోడ్ చేసే పీడీఎఫ్‌ను చాలా యూనివర్సిటీలు ప్రాథమిక పరిశీలనకే వాడతాయి. పీడీఎఫ్‌లో అంకె మార్చడం పెద్ద పనేం కాదు కాబట్టి, టెస్ట్ నిర్వహించిన సంస్థ రికార్డులో ఏముందో నేరుగా చూసుకుంటాయి. ఈ పద్ధతి టెస్టును బట్టి మారుతుంది.

ఐఈఎల్‌టీఎస్ స్కోర్ కార్డును టెస్ట్ రిపోర్ట్ ఫామ్ అంటారు. దానిపై ఉండే టీఆర్‌ఎఫ్ నంబరే కీలకం. ఐఈఎల్‌టీఎస్ దగ్గర నమోదైన యూనివర్సిటీకి ప్రత్యేక లాగిన్ ఉంటుంది. అడ్మిషన్ సిబ్బంది ఆ నంబర్ కొడితే అసలు స్కోరు తెరపైకి వస్తుంది. ఈ లాగిన్ విద్యార్థికి గానీ, కన్సల్టెన్సీకి గానీ ఇవ్వరు. రెండేళ్లు దాటిన ఫలితాలు అందులో కనిపించవు. అందుకే పాత స్కోరును ‘ఈ ఒక్కసారికి తీసుకోండి’ అని బతిమాలినా, సరిచూసుకునే దారే ఉండదు.

టోఫెల్ పద్ధతి ఇంకో రకం. ఇక్కడ అధికారిక స్కోరును ఈటీఎస్ సంస్థే యూనివర్సిటీకి పంపుతుంది. విద్యార్థి తన ఖాతాలోంచి యూనివర్సిటీ కోడ్ ఎంచుకుని పంపమని చెప్పాలి. పరీక్షకు ముందే ఎంచుకుంటే కొన్నింటికి ఉచితం, తర్వాతైతే ఒక్కోదానికి ఫీజు కట్టాలి. ‘పీడీఎఫ్ పెట్టేశాను కదా’ అని ఊరుకుంటే అధికారిక స్కోరు వెళ్లనట్టే. రెండేళ్లు దాటాక డబ్బు కడతామన్నా ఈటీఎస్ పంపదు. పీటీఈ, డ్యుయోలింగో స్కోర్లను మాత్రం ఖాతాలోంచి ఎన్ని యూనివర్సిటీలకైనా అదనపు ఫీజు లేకుండా పంపొచ్చు.

స్కోరు వెళ్లింది.. కానీ అందలేదు

మన విద్యార్థులకు ప్రత్యేకంగా ఎదురయ్యే సమస్య పేరుది. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది. అప్లికేషన్‌లో కొందరు ఇంటిపేరు పొట్టి అక్షరం మాత్రమే రాస్తారు, కొందరు ముందుది వెనక, వెనకది ముందు రాసేస్తారు. టెస్ట్ సంస్థ నుంచి వచ్చిన స్కోరును యూనివర్సిటీ సిస్టమ్ పేరు, పుట్టిన తేదీలాంటి వివరాలతో అప్లికేషన్‌కు జత చేస్తుంది. అవి కలవకపోతే స్కోరు ఎవరి ఫైల్‌కూ చేరకుండా పక్కన పడి ఉంటుంది. పంపినట్టు ఇటు ఖాతాలో కనిపిస్తుంది, అటు అప్లికేషన్ పోర్టల్‌లో మాత్రం ‘ఇంకా రాలేదు’ అనే ఉంటుంది. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే.. మళ్లీ ఫీజు కట్టి పంపే ముందు, పరీక్షలో వాడిన పేరు, పుట్టిన తేదీ, టెస్ట్ తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు రాసి అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ పెట్టడం మేలు.

సరిచూసినా దొరకనివి

నేరుగా సరిచూసే పద్ధతికి ఒక హద్దు ఉంది. అది కాగితం అసలుదా కాదా అని చెబుతుంది, అంతే. 2022లో కెనడా నుంచి పడవలో అక్రమంగా అమెరికాలోకి వెళ్తూ కొందరు గుజరాత్ యువకులు పట్టుబడ్డారు. వాళ్లలో కొందరికి ఐఈఎల్‌టీఎస్‌లో మంచి బ్యాండ్లు ఉన్నాయి, తీరా కోర్టులో ఇంగ్లిష్ ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోయారు. దీనిపై మెహసానా పోలీసులు దర్యాప్తు చేపట్టారు. అలాంటి చోట స్కోరు రికార్డులో నిజంగానే ఉంటుంది, పరీక్ష ఎలా రాశారన్నదే ప్రశ్న. అందుకే స్కోరు ఉన్నా కొన్ని యూనివర్సిటీలు విడిగా వీడియో ఇంటర్వ్యూ పెడుతున్నాయి.

రికార్డు కూడా మారొచ్చు. 2023 ఆగస్టు నుంచి 2025 సెప్టెంబర్ మధ్య రాసిన కొద్ది శాతం మందికి సాంకేతిక లోపం వల్ల లిజనింగ్, రీడింగ్ ఫలితాలు తప్పుగా వచ్చాయని ఐఈఎల్‌టీఎస్ ప్రకటించి, సవరించిన ఫలితాలు ఇచ్చింది. అలాంటివారి చేతిలో ఉన్న పాత పీడీఎఫ్‌కూ, రికార్డులో ఉన్న స్కోరుకూ తేడా ఉంటుంది. చెల్లేది రికార్డే.

మరి గుంటూరు కుర్రాడి సంగతి? రైటింగ్ లాంటి ఒక్క విభాగాన్నే మళ్లీ రాసే అవకాశం ఐఈఎల్‌టీఎస్‌లో ఉన్నా, అది మొదటి పరీక్ష నుంచి 60 రోజుల్లోపే. అతనికి అది ఎప్పుడో దాటిపోయింది. మొత్తం టెస్ట్ మళ్లీ రాయాల్సిందే. కంప్యూటర్ టెస్టుకు ఫలితం కొద్ది రోజుల్లోనే వస్తుంది కాబట్టి, ఆఫర్ లెటర్ వచ్చిన ఫిబ్రవరిలోనే అందులోని ఇంగ్లిష్ షరతు చదివి ఉంటే తీరిగ్గా రాసుకునేవాడు. జులైలో తెలిస్తే మాత్రం టెస్ట్, కొత్త స్కోరు పరిశీలన, వీసా.. మూడూ ఒకే నెలలో మీద పడతాయి.