గీత కనబడని పగులు

నేను ఎక్స్‌రే గదిలో పనిచేస్తా. మొన్న మా చాళ్ళో ఏడేళ్ల పిల్లోడు మెట్ల మీంచి చెయ్యి ఆనించి పడ్డాడు. మోచెయ్యి వాచింది, చాచలేడు. ఎక్స్‌రేలో విరిగిన గీత లేదు. "ఏం కాలే, నూనె రాసి తోముతా" అంది నానమ్మ.

"తోమొద్దు పెద్దమ్మా" అన్నా. మోచెయ్యి మడిచి పక్కనుంచి తీసిన ఫిల్ములో, పైఎముక కింది కొసకు వెనకాల నల్లటి నీడ ఉంది. అది కొవ్వు. మామూలుగా ఎముక గుంటలో దాగి కనబడదు. కీలులో రక్తం చేరితే బయటికి తోసుకొస్తుంది. ముందువైపు సన్నటి నీడ మంచి చేతికీ ఉంటుంది, తెరచాపలా లేస్తేనే అనుమానం.

దెబ్బ తగిలిన పిల్లలకు వెనక నీడ కనబడితే, పగులు దాగి ఉందనే డాక్టర్లు చూస్తారు. పట్టీ వేశారు. రెండు వారాలకు మళ్లీ తీస్తే, ఎముక అంచున కొత్త ఎముక తెల్లగా కనబడింది. పగులు అక్కడే.