బ్యాంకు సొమ్ముకో న్యాయం, ఖాతాదారు సొమ్ముకో న్యాయం

పొరపాటున వేరే ఖాతాకు డబ్బు వెళ్లిపోయిందని ఉత్తరం రాసిన ఖాతాదారుకు బ్యాంకుల నుంచి సాధారణంగా వచ్చే జవాబు ఒక్కటే: అవతలి ఖాతాదారు ఒప్పుకుంటే తప్ప మేం చేయగలిగిందేమీ లేదు. ఈ జవాబు సరైనది కాదు. 2023 నవంబరు 10-13 తేదీల మధ్య యూకో బ్యాంకు ఐఎంపీఎస్‌లో తలెత్తిన లోపం వల్ల, అసలు రాని సొమ్ము వచ్చినట్టుగా ఆ బ్యాంకు ఖాతాల్లో జమ పడింది. మొత్తం 820 కోట్ల రూపాయలు. బ్యాంకు ఆ ఖాతాలను బ్లాక్ చేసి, 649 కోట్లు, అంటే 79 శాతం సొమ్ము, రాబట్టినట్టు నవంబరు 16 నాటికే స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలియజేసింది. ఒక్కో ఖాతాదారు ఒప్పుకునేదాకా చూస్తూ కూర్చోలేదు. పోయింది బ్యాంకు సొమ్ము అయినప్పుడు కొద్ది రోజుల్లో 79 శాతం వెనక్కి వచ్చింది. ఖాతాదారు సొమ్ము అయినప్పుడు మాత్రం చేతులెత్తేయడం ఆనవాయితీ అయింది. తప్పుడు బదిలీల గురించి రాసేవాళ్లంతా ‘నంబరు రెండుసార్లు చూసుకోండి’ అన్న హితవు దగ్గరే ఆగిపోతున్నారు. ఈ తేడా గురించి ఎవరూ అడగడం లేదు.

ఆ ఉత్తరానికి ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ ఏజెంటు రైతుకు 85,000 రూపాయలు నెఫ్ట్‌లో పంపుతూ, ఖాతా నంబరు చివర 4716 కొట్టాల్సిన చోట 4176 కొట్టాడనుకుందాం. అలాంటి ఖాతా లేకపోతే ఇబ్బంది లేదు, సొమ్ము దానంతటదే తిరిగి వస్తుంది. అదే బ్యాంకులో ఆ నంబరుతో ఇంకొకరి ఖాతా ఉంటే మాత్రం జమ అయిపోతుంది. ఏజెంటు వెంటనే తన బ్రాంచి మేనేజరుకు ఉత్తరం ఇస్తాడు. అందులో తన ఖాతా నంబరు, పంపిన తేదీ, సమయం, మొత్తం, యూటీఆర్ నంబరు, అవతలి బ్రాంచి ఐఎఫ్‌ఎస్‌సీ, పంపాలనుకున్న నంబరు, కొట్టిన నంబరు ఉండాలి. రైతు పాస్‌బుక్ మొదటి పేజీ, సరుకు పట్టీ నకళ్లు జత చేయాలి. ‘నా డబ్బు వెనక్కి ఇప్పించండి’ అని మాత్రమే రాస్తే చాలదు. జమ అయిన నెఫ్ట్‌ను పంపిన బ్యాంకు తనంతట తాను రద్దు చేయలేదు. అడగాల్సింది ఇది: అవతలి బ్యాంకుకు ఈరోజే సందేశం పంపండి, ఆ ఖాతాలో 85,000 మేరకు హోల్డ్ పెట్టమని కోరండి, వాళ్ల జవాబు నాకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఇదే ఉత్తరం నకలు అవతలి బ్రాంచికీ వెళ్లాలి. రెండు చోట్లా తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోవాలి. మోసం జరిగిందని రాస్తే పని తొందరగా అవుతుందని కొందరు సలహా ఇస్తుంటారు. అది అబద్ధమే కాదు, నష్టం కూడా. ఫిర్యాదు సైబర్ నేరాల దారి పట్టి, తానే నంబరు కొట్టినట్టు తేలగానే మూతపడుతుంది.

ఇంత పకడ్బందీగా రాసినా, ఆ ఉత్తరానికి గడువు పెట్టి జవాబు చెప్పించే నిబంధన చేతిలో లేదు. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఖాతాదారు ప్రమేయం లేకుండా జరిగిన లావాదేవీలకు వర్తిస్తుంది. 2019 సెప్టెంబరులో వచ్చిన రోజుకు 100 రూపాయల పరిహారం విఫలమైన లావాదేవీలకు. మన ఏజెంటు లావాదేవీ విఫలం కాలేదు, వేరేవాళ్లు చేసిందీ కాదు. కాబట్టి రెండింటిలోనూ అతనికి చోటు లేదు. ఈలోగా అవతలి ఖాతాలో ఏమైనా జరగవచ్చు. ఆ మనిషి ఏటీఎంలో తీసుకోవచ్చు. అతనికి అదే బ్యాంకులో అప్పు వాయిదాలు బాకీ ఉంటే, ఆ సొమ్ము లోంచే వాయిదా కోత పడిపోవచ్చు. ఈ చివరిది నాకు అన్నిటికన్నా అన్యాయంగా కనిపిస్తుంది. అప్పుడు ఇంకొకరి డబ్బుతో తన బాకీ వసూలు చేసుకున్నది సాక్షాత్తూ బ్యాంకే అవుతుంది.

‘తప్పు కొట్టింది మీరే కదా’ అన్నది మొదటి ఆక్షేపణ. 2010 అక్టోబరు 14 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ దీనికి అండగా ఉంది. పేరు చూడకుండా ఖాతా నంబరు ఒక్కటే ఆధారంగా జమ చేయడానికి అది వీలు కల్పించింది, నంబరు సరిగా ఇచ్చే బాధ్యతను పంపేవాడి మీద పెట్టింది. సరే, బాధ్యత అతనిదే. అంతమాత్రాన సొమ్ము అవతలివాడిది అయిపోదు. పొరపాటున డబ్బు అందుకున్న వ్యక్తి దాన్ని తిరిగి ఇచ్చి తీరాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. తెలిసీ దురుద్దేశంతో వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు. యూకో బ్యాంకులో జరిగిందీ బ్యాంకు వైపు పొరపాటే. అయినా ఆ 820 కోట్లు అందుకున్నవాళ్లవి అయిపోయాయని ఎవరూ అనలేదు. సీబీఐ కేసు పెట్టింది, సోదాలు జరిపింది.

రెండో ఆక్షేపణకు బలం ఉంది. సరుకు తీసుకుని డబ్బు కట్టినవాడు, తర్వాత ‘పొరపాటున పంపాను’ అని ఉత్తరం రాసి అమ్మినవాడి ఖాతా ఆపించవచ్చు. అందుకే డబ్బు వెనక్కి తీయమనడం లేదు, హోల్డ్ అడుగుతున్నాను. అది ఖాతా మొత్తం మీద కాదు, వచ్చిన మొత్తం మీదే, కొద్ది రోజులకే. అమ్మినవాడు బిల్లు చూపిస్తే హోల్డ్ తీసేయవచ్చు. యూకో విషయంలో బ్యాంకు ఏకంగా ఖాతాలనే బ్లాక్ చేసింది. ఖాతాదారు అడిగేది అందులో చిన్న భాగం.

ఇక గోప్యత. అవతలి మనిషి పేరు, చిరునామా చెప్పలేమంటారు. ఎవరి మీద దావా వేయాలో తెలియకుండా 72వ సెక్షన్‌ను ఎలా వాడుకోవాలి? బ్రిటన్‌లో 2017 చెల్లింపు సేవల నిబంధనల ప్రకారం, సొమ్ము రాబట్టలేకపోయిన బ్యాంకు, ఖాతాదారు రాతపూర్వకంగా కోరితే దావాకు అవసరమైన వివరాలు ఇవ్వాలి. అవతలివాడి బ్యాంకు అందుకు సహకరించాలి. దానివల్ల అక్కడి బ్యాంకుల గోప్యత ఏమీ కూలిపోలేదు.

2025 ఏప్రిల్ 1 నుంచి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో పంపేముందు అవతలి ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఇది మంచి పనే, చాలా ఆలస్యంగా జరిగిన మంచి పని. దీంతో సమస్య తీరిపోయిందన్న వాదన మాత్రం చెల్లదు. యూపీఐలో పేరు కనిపిస్తూనే ఉంది, అయినా డబ్బు వేరేచోటికి పోతూనే ఉంది. ఒకే పేరు ఉన్నవాళ్లు మన ఊళ్లలో తక్కువా? పేరు చూపడం పొరపాట్లను తగ్గిస్తుంది, జరిగిపోయిన పొరపాటును సరిదిద్దదు.

అంబుడ్స్‌మన్ ఉన్నారు కదా అనవచ్చు. అక్కడికి వెళ్లాలంటే ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేసి, జవాబు రాకపోతే 30 రోజులు ఆగాలి. యూకో బ్యాంకు 30 రోజులు ఆగి ఉంటే ఆ 649 కోట్లలో ఎంత మిగిలేది? రాబట్టడం వేగం మీద ఆధారపడిన పని అని బ్యాంకులకు బాగా తెలుసు. తెలిసి కూడా ఖాతాదారు ఉత్తరాన్ని టపాల దొంతరలో పడేస్తున్నాయి. రిజర్వు బ్యాంకు దీన్ని ఇంకా బ్యాంకుల సౌజన్యానికి వదిలేయడం తగదు. ఉత్తరం అందిన రోజే అవతలి బ్యాంకు ఆ మొత్తంపై హోల్డ్ పెట్టాలి. పది పనిదినాల్లో అవతలి ఖాతాదారు ఒప్పుకోలో, అభ్యంతరమో, దావాకు కావలసిన వివరాలో రాతపూర్వకంగా ఇవ్వాలి. అవతలి బ్యాంకు తన బాకీ కింద ఆ సొమ్ము కోసుకుని ఉంటే, ముందు అది వెనక్కి ఇవ్వాలి. ఉత్తరం అందాక కూడా హోల్డ్ పెట్టక సొమ్ము జారిపోతే, ఆ నష్టం బ్యాంకే భరించాలి.