బొమ్మ రాకపోతే డోర్నకల్ మ్యాప్ ఎలా చెప్తారు?

ఫోన్‌లో మెసేజ్ ఓపెన్ చేస్తే బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా కనిపించడం మనందరికీ అలవాటే. డేటా సేవర్ ఆన్‌లో ఉండొచ్చు, మెయిల్ యాప్ బొమ్మల్ని ఆపేసి ఉండొచ్చు. చూపు లేనివాళ్లు టాక్‌బ్యాక్‌తో చదువుతుంటే బొమ్మ లోడైనా వాళ్లకి ఒకటే. ‘కింది మ్యాప్ చూడండి’ అని రాసి వదిలేస్తే వీళ్లెవరికీ ఏమీ అందదు. వరంగల్ నుంచి కొత్తగూడెం వెళ్లే మనిషికి మీరు పంపింది ఆ మ్యాప్ ఒక్కటే అయితే, బండి డోర్నకల్ దాటి ఖమ్మం పోయాక గానీ విషయం తెలియదు.

అందుకే డోర్నకల్ జంక్షన్‌నే మాటల్లో పెట్టి చూద్దాం. చాలామంది ‘కుడివైపు ఒక గీత, కింద ఇంకో గీత’ అంటూ మొదలెడతారు. బొమ్మ లేనివాడికి కుడి ఏది, కింద ఏది? ముందు ఆ మ్యాప్ దేనికో చెప్పాలి. తర్వాత ఒక చోట నిలబడాలి. అక్కడి నుంచి ఒక్కో దారిని చివరిదాకా నడిపించి, వెనక్కి వచ్చాకే రెండోది ఎత్తుకోవాలి. ఇలా:

“కొత్తగూడెం లైన్ ఎక్కడ విడిపోతుందో చెప్పే మ్యాప్ ఇది. మీరు డోర్నకల్ స్టేషన్‌లో ఉన్నారు. ఇక్కడి నుంచి మూడు దారులు. మొదటిది వాయవ్యంగా గార్ల, మహబూబాబాద్ మీదుగా కాజీపేటకి. రెండోది దక్షిణంగా ఖమ్మం మీదుగా విజయవాడకి. మూడోది తూర్పుగా కారేపల్లి మీదుగా కొత్తగూడెంకి, ఆపైన మణుగూరుకి. కారేపల్లిలో ఇంకో చిన్న లైన్ చీలి ఉత్తరంగా ఇల్లందు వైపు పోతుంది.”

మ్యాప్‌లో లేనిది కూడా మాటల్లో ఒక్క వాక్యంతో చెప్పొచ్చు. కొత్తగూడెం స్టేషన్ పేరు ‘భద్రాచలం రోడ్’. భద్రాచలం ఊరు అక్కడ లేదు, ఇంకా రోడ్డు మీద పోవాలి. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే.

వెబ్ పేజీలో అయితే ఈ వివరణ అంతా బొమ్మ కింద మామూలు పేరాగా ఉండాలి. బొమ్మ ట్యాగ్‌లో మాత్రం చిన్న మాట చాలు:

```html
<img src="dkj-map.png"
 alt="డోర్నకల్ నుంచి మూడు రైలు దారులు. వివరం కింద ఉంది.">
```

బొమ్మ లోడ్ కాకపోతే బ్రౌజర్ ఆ చోట ఈ `alt` మాటల్నే చూపిస్తుంది, టాక్‌బ్యాక్ కూడా వీటినే చదువుతుంది. `alt` అసలు లేకపోతే చాలాసార్లు ఫైల్ పేరు వినిపిస్తుంది. ‘డి కె జె డ్యాష్ మ్యాప్’ అని వింటే ఎవరికి ఉపయోగం?

కొందరు తెలివిగా డ్యాష్‌లు, స్లాష్‌లతో మెసేజ్‌లోనే మ్యాప్ గీస్తారు. తెలుగు అక్షరాలు ఒక్కోటి ఒక్కో వెడల్పు కాబట్టి ఇంకో ఫోన్‌లో ఆ గీతలు పక్కకి జరిగిపోతాయి. కారేపల్లి పోయి ఖమ్మం కింద చేరుతుంది. దానికంటే వరుస నంబర్లు వేసిన వాక్యాలే నయం.

చార్ట్‌కి పద్ధతి కొంచెం వేరు. రైల్వే కంట్రోల్‌లో బండ్ల రాకపోకల్ని గ్రాఫ్‌గా గీస్తారు. అడ్డంగా టైము, నిలువుగా స్టేషన్లు, ఒక్కో బండికి ఒక్కో గీత. ‘నీలం గీతని ఎర్ర గీత కోసింది’ అంటే వినేవాడికి ఏమీ తెలియదు. ముందు రెండు వైపులా ఏముందో చెప్పి, తర్వాత జరిగింది చెప్పాలి. ఊహకి ఒక ఉదాహరణ: “అడ్డంగా 10 నుంచి 11 గంటల వరకు టైము. నిలువుగా మహబూబాబాద్, గార్ల, డోర్నకల్. గూడ్స్ 10:00కి మహబూబాబాద్‌లో బయల్దేరి 10:25కి గార్ల చేరింది. 10:45 దాకా అక్కడే ఆగింది. వెనకొచ్చిన ఎక్స్‌ప్రెస్ 10:38కి గార్లలో ఆగకుండా దాటి ముందుకెళ్లింది.” గ్రాఫ్‌లో గూడ్స్ గీత అడ్డంగా సాగిన ముక్కే ఆ 20 నిమిషాలు. రంగులు చెప్పకుండానే ఎవరు ఎవరికి దారిచ్చారో తెలిసిపోయింది. గీతలు ఎక్కువైతే మాత్రం వాక్యాలు చాలవు, చిన్న టేబుల్ పెట్టాలి.

మీ వివరణ సరిపోయిందా లేదా తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. బొమ్మ చూడని ఒకరికి ఫోన్‌లో చదివి వినిపించి, కాగితం మీద గీయమనండి. ఇల్లందు లైన్‌ని వాళ్లు డోర్నకల్ దగ్గరే చీల్చేస్తే, మీ వాక్యంలో ‘కారేపల్లిలో’ అన్న మాట సరిగా పడలేదన్నట్టే. ఆ ఒక్క వాక్యం మార్చి, మళ్లీ వినిపించండి.