'క్యాన్' పక్కన 'ఏబుల్' నిలుచునా?

ఒక శివరాత్రికి శ్రీశైలం వెళ్లిన విద్యార్థి యాత్రికుల రద్దీలో బస్సు దొరకక, 'ఐ కెనాట్ ఏబుల్ టు కమ్' అని సెలవు చీటీ వ్రాసి తోటివానితో పంపాడు. దానిని తరగతిలో చదవగానే అందరూ నవ్వారు. ఎందుకు తప్పో మాత్రం నవ్వినవారిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ విద్యార్థి తరువాత చాలాకాలం ఆంగ్లంలో నోరు విప్పలేదు. ఆ ప్రయోగం శిష్ట ఆంగ్లంలో వ్యాకరణ విరుద్ధమే. కాని కారణం చెప్పని నవ్వు ఎవరినీ దిద్దదని నా అభిప్రాయం.

మన భాషతోనే పరీక్షించి చూద్దాం. 'నేను రాగలను' అంటాం. 'నేను వచ్చుటకు సమర్థుడను' అని కూడా అనవచ్చు. ఈ రెంటినీ కలిపి 'వచ్చుటకు సమర్థగలను' అంటే వాక్యం విరిగిందని చెవికే తెలుస్తుంది. ఆంగ్లంలోనూ అంతే. 'క్యాన్' తరువాత క్రియ మూలరూపమే రావాలి: 'ఐ క్యాన్ కమ్'. 'ఏబుల్' క్రియ కాదు, విశేషణం. దానికి 'యామ్', 'ఈజ్' వంటి క్రియ ఆధారం కావాలి: 'ఐ యామ్ ఏబుల్ టు కమ్'. 'క్యాన్ బి ఏబుల్ టు' అని దిద్దితే నిర్మాణం నిలుస్తుంది గాని, ఒకే శక్తిని రెండుమార్లు చెప్పినట్లవుతుంది. అయితే 'విల్' తరువాత 'క్యాన్' రాదు కనుక, 'రేపు రాగలను' అనేదానిని 'విల్'తో చెప్పుటకు 'విల్ బి ఏబుల్ టు కమ్' అనడం అవసరమే.

'మస్ట్ టు గో' కథ వేరు. 'హ్యావ్ టు', 'ఆట్ టు' అనే మాటలలో 'టు' ఉన్నది కనుక 'మస్ట్' పక్కకూ అది వచ్చి చేరుతుంది. ఉర్దూ మాతృభాషగా గల మిత్రులకు మరొక కారణం కూడా ఉండవచ్చు. 'జానా హై', 'జానా చాహియే' అనేటప్పుడు 'జానా' అనే పూర్తి రూపం 'టు గో'ను తలపిస్తుంది. ఇక్కడ తెలుగు 'వెళ్లవలెను' ఆంగ్లానికి దగ్గర. 'వెళ్లుటకు వలెను' అని మనం అనము కదా!

ఆంగ్లేతరులకే ఈ నియమమెందుకని కొందరు అడుగవచ్చు. స్కాట్లండు మాండలికాలలో 'విల్ క్యాన్', అమెరికా దక్షిణ ప్రాంతంలో 'మైట్ కుడ్' వినబడుట నిజమే. అవి ఆయా మాండలికాలకు చెల్లిన వ్యాకరణం. మన పరీక్షాపత్రం కోరేది శిష్ట ఆంగ్లం.

వ్రాసినదానిని సరిచూచుకొనుటకు ఒక ఉపాయం ఉన్నది. 'క్యాన్', 'మస్ట్' తరువాతి మాటతో ఎవరినైనా ఆజ్ఞాపించి చూడండి. 'నాట్' ఉంటే దానిని దాటండి. 'కమ్!' అనవచ్చు, 'గో!' అనవచ్చు, 'ఏబుల్!' అని గాని, 'టు గో!' అని గాని ఆజ్ఞాపించలేము. ఆజ్ఞకు నిలువని మాట అక్కడ నిలువదు. ఈ ఒక్క మాట ఆనాడు చెప్పి ఉంటే, ఆ విద్యార్థి మరుసటి చీటీలో 'ఐ కెనాట్ కమ్' అని తానే వ్రాసుకొనేవాడు.