బీపీ దిగింది... మాట పడిపోయింది!

ఒక ఉదాహరణ చూద్దాం. పెద్దాయనకు 72 ఏళ్లు. పదిహేనేళ్లుగా బీపీ ఉంది. ఇంట్లో పెళ్లి హడావుడిలో మూడు రోజులు మాత్రలు వేసుకోలేదు. నాలుగో రోజు పొద్దున తలనొప్పిగా ఉందంటే, ఇంట్లో మిషన్‌తో కొడుకు బీపీ చూశాడు. 210/110 ఉంది. కంగారుపడి, తెలిసినవాళ్లు చెప్పినట్టు నిఫెడిపిన్ క్యాప్సూల్‌ను సూదితో పొడిచి, అందులోని మందును తండ్రి నాలుక కింద పిండాడు. నలభై నిమిషాల తర్వాత చూస్తే 110/60. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేలోపే పెద్దాయన చేతిలోని గ్లాసు జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. ఆస్పత్రిలో స్కాన్ తీస్తే మెదడులో రక్తస్రావం లేదు. రక్తం చాలకే పక్షవాతం వచ్చింది.

బీపీ తగ్గితే మంచిదే కదా, మరి ఇలా ఎందుకైంది? ఎంత తగ్గింది, ఎంత వేగంగా తగ్గింది అన్నవే ఇక్కడ కీలకం. మెదడులోని రక్తనాళాలు బీపీ పెరిగితే ముడుచుకుని, తగ్గితే విప్పారి, లోపలికి వెళ్లే రక్తం ఒకేలా ఉండేటట్టు చూసుకుంటాయి. ఏళ్ల తరబడి బీపీ ఉన్నవారిలో ఈ సర్దుబాటు ఎక్కువ ఒత్తిడికి అలవాటు పడిపోతుంది. మనకు మామూలుగా కనిపించే 110/60 వారి మెదడుకు చాలకపోవచ్చు. పైగా వయసుతో నాళాలు గట్టిపడతాయి, కొన్నిచోట్ల సన్నబడతాయి. అలాంటి చోట ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే రక్తం ముందుకు సాగదు.

గుండెకూ ఇదే చిక్కు. బీపీ ఠక్కున పడిపోగానే గుండె వేగం పెరుగుతుంది. దానికి ఎక్కువ రక్తం కావాల్సిన సమయంలోనే అందేది తగ్గుతుంది. అందుకే ఈ క్యాప్సూల్ తర్వాత గుండెపోటు వచ్చినవారూ ఉన్నారు. నాలుక కింద వేస్తే మందు అక్కడే రక్తంలోకి వెళుతుందన్నదీ అపోహే. చాలావరకు మింగాక కడుపులోంచే ఎక్కుతుంది. ఎవరిలో ఎంత దించుతుందో ముందే చెప్పలేం. దిగడం మొదలయ్యాక మన చేతిలో ఉండదు. ఈ ప్రమాదాలన్నిటినీ ఏకరువు పెడుతూ, ఇలా వాడటం ఆపాలని 1996లోనే అమెరికా వైద్య పత్రిక ‘జామా’లో వైద్యులు రాశారు. అయినా అలవాటు పూర్తిగా పోలేదు.

ఆస్పత్రిలో మేం లెక్క వేసే తీరు వేరు. పై అంకె, కింది అంకెల నుంచి సగటు ఒత్తిడి చూస్తాం. 210/110కి సగటు సుమారు 143. నిజమైన ఎమర్జెన్సీలో కూడా మొదటి గంటలో సాధారణంగా నాలుగో వంతుకు మించి తగ్గించం. అంటే సగటు 107 దగ్గర, దాదాపు 160/80 దగ్గర ఆగాలి. ఆ పెద్దాయనకు సగటు 77కి, అంటే దాదాపు సగానికి పడిపోయింది. అందుకే సెలైన్‌లో చుక్కచుక్కగా ఎక్కించే మందులు వాడతాం. ఎక్కువైతే వెంటనే తగ్గించొచ్చు, ఆపొచ్చు. బృహద్ధమని గోడ చీలినప్పుడు మాత్రం త్వరగా దించక తప్పదు. గర్భిణులకు బీపీ బాగా పెరిగితే ఇదే నిఫెడిపిన్‌ను మింగించడం ఉంది. అది కూడా ఆస్పత్రిలో, పర్యవేక్షణలోనే.

ఇంట్లో అంకె పెద్దగా కనిపిస్తే ముందు మనిషిని చూడండి. ఛాతీనొప్పి, ఆయాసం, నోరు వంకర పోవడం, చేయి లేదా కాలు పట్టు తప్పడం, మాట తడబడటం, చూపు మసకబారడం, మతి తప్పినట్టు మాట్లాడటం, ఫిట్స్... వీటిలో ఏది ఉన్నా ఇంట్లో ఏ మందూ ఇవ్వకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో మేం కూడా చాలాసార్లు బీపీని కొంత ఎక్కువగానే ఉంచుతాం. దెబ్బతిన్న చోటికి రక్తం అందడానికి ఆ ఒత్తిడే ఆధారం.

ఈ లక్షణాలేవీ లేకపోతే, మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వెన్ను ఆనించి కాసేపు ప్రశాంతంగా కూర్చోమని, మళ్లీ చూడండి. నొప్పి, భయం, నిద్రలేమి కూడా అంకెను పెంచుతాయి. అప్పటికీ ఎక్కువే ఉంటే ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడండి. మానేసిన మాత్రలను తిరిగి ఎలా మొదలుపెట్టాలో ఆయన చెబుతారు. మానేసిన మూడు రోజుల మాత్రలూ ఒకేసారి మింగించొద్దు.

చివరగా ఒక మాట. నిఫెడిపిన్ పేరు చూసి, మీరు రోజూ వాడే మాత్రను ఆపేయకండి. మెల్లగా విడుదలయ్యే మాత్ర వేరు, ఈ క్యాప్సూల్ వేరు. కాకపోతే ఆ మాత్రను నమిలినా, పొడి చేసినా రోజంతా విడుదల కావాల్సిన మందు ఒకేసారి బయటపడుతుంది. మింగలేని పెద్దవాళ్లకు నూరి ఇస్తుంటే ఈ సంగతి డాక్టర్‌కు చెప్పి, మందు మార్పించండి.